మసక అంచు వేరు, దిగిన రంగు వేరు: ఒక డబుల్ ఇక్కత్ కాటన్ చీర కేస్

చేనేత చీరలు శుభ్రం చేయడం, మరకలు తీయడం నా పని. చెన్నైలో చేస్తాను. అంతకు ముందు కొన్నేళ్ళు నూలు రంగులద్దే యూనిట్‌లో ఉన్నాను కాబట్టి నా దగ్గరికి ఇక్కత్ చీరలు ఎక్కువే వస్తాయి. వాటిలో సగం ఫిర్యాదులు ఒకటే: "రంగు పాకిపోయింది, అంచులన్నీ మసకేశాయి". నిజంగా రంగు దిగిన చీరలు కొన్ని. నేత స్వభావం వల్లే మసగ్గా కనిపించేవి కొన్ని. ఈ కేసులో రెండూ ఒకే చీరలో ఉన్నాయి. ఏది ఏదో తేల్చకుండా చెయ్యి వేసి ఉంటే చీర పోయేది. అందుకే దీన్ని పూర్తిగా రాస్తున్నాను. ఇంటివాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

చీర, దాని వెనక కథ

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. చీర పుట్టపాక వైపు నేసిన కాటన్, తేలియా రుమాల్ తరహా డిజైన్. మెరూన్, నలుపు, తెలుపు మూడే రంగులు. ఒళ్ళంతా రెండు వేళ్ళ వెడల్పు గడులు, ఒక్కో గడిలో తెల్లటి నమూనా. జరీ లేదు. చీరతోపాటు వచ్చిన జాకెట్టు ముక్క కత్తిరించకుండా అలాగే ఉంది. ఈ చివరి సంగతి తర్వాత మమ్మల్ని కాపాడింది.

కొన్న తర్వాత ఒకసారి కట్టుకున్నారు. మొదటి ఉతుకు ఇంట్లోనే. "రంగు నిలబడాలంటే ఉప్పునీళ్ళలో నానెయ్యాలి" అని పెద్దావిడ చెప్పడంతో బకెట్‌లో గుప్పెడు కల్లుప్పు వేసి రాత్రంతా నానబెట్టారు. ఆ ఇంట్లో వాడేది బోరు నీళ్ళు, అవి నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. పొద్దున పిండి, బాల్కనీ తీగ మీద నాలుగు మడతలుగా ఆరేశారు. ఆరాక చూస్తే కొంగు దగ్గర తెల్ల గడులు గులాబీ రంగులో ఉన్నాయి. మడత పడ్డ చోట ముదురు గీత కూడా పడింది.

తర్వాత వెనిగర్ నీళ్ళలో జాడించారు. మార్పు లేదు. లాండ్రీకి ఇచ్చారు. అక్కడ డ్రై క్లీన్ చేసి, కొంగులో ఒకచోట ఏదో ద్రావకం అద్ది చూశారు. గులాబీ పోలేదు సరికదా, అద్దిన చోటు చుట్టూ ఉంగరంలాంటి గీత వచ్చింది. ఇక బ్లీచ్ ఒక్కటే దారి అని లాండ్రీ అతను చెప్పాక, భయమేసి నా దగ్గరికి తెచ్చారు.

వాళ్ళు చెప్పిన సమస్య, నేను చూసిన సమస్య

ఆవిడ చీర బల్ల మీద పరిచి కొంగునే కాదు, ఒళ్ళంతా చూపించింది. "ఇక్కడ చూడండి సార్, ప్రతి గడి అంచూ కరిగిపోయినట్టుంది. తెలుపుకీ మెరూన్‌కీ మధ్య గులాబీ వచ్చేసింది. ఇదంతా తియ్యాలి."

ఆమె వేలు పెట్టిన మొదటి గడి చీర మధ్యలో ఉంది. అక్కడ నాకు దిగిన రంగు కనబడలేదు. కొంగులో మాత్రం స్పష్టంగా ఉంది. ఈ తేడా మాటలతో చెప్తే నమ్మడం కష్టం, కాబట్టి భూతద్దం కింద పెట్టి చూపించాను. నేను దీనికి పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం వాడతాను. నూలు పోగులు లెక్కపెట్టడానికి బట్టల షాపుల్లో వాడే రకమైనా సరిపోతుంది.

మామూలు అద్దకంలో గుడ్డ నేశాక రంగు వేస్తారు. ఇక్కత్‌లో నేయకముందే నూలు మీద డిజైన్ కట్టి రంగు వేస్తారు. పోచంపల్లి వైపు దీన్ని చిటికి పని అంటారు. గుడ్డలో అడ్డంగా పడే పేక నూలును ఆసు మీద పోస్తారు, అంటే చీర వెడల్పుకు సరిపడా ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదికి మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. ఒక్క చీరకు ఇలా వేల సార్లు చెయ్యి ఆడించాలి. చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది తన తల్లి పడ్డ ఈ శ్రమ చూసే. 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకే. అలా పోసిన నూలు మీద డిజైన్ గీసి, రంగు అంటకూడని చోట సన్నగా కోసిన రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులో ముంచుతారు. డబుల్ ఇక్కత్ అయితే నిలువుగా పోయే పడుగు నూలుకూ ఇదే కట్టు పని. మగ్గం మీద రెండూ కలిసినప్పుడే బొమ్మ వస్తుంది.

మసక ఎక్కడెక్కడ పుడుతుందో ఈ పనిలోనే తెలుస్తుంది. కట్టు ఎంత బిగించినా దాని కొసన రంగునీళ్ళు నూలు పీచుల మధ్యగా కొంచెం లోపలికి పాకుతాయి. అందుకే ఒక పోగులో మెరూన్ ఠక్కున ఆగి తెలుపు మొదలవదు, మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర లేత రంగు ఉంటుంది. ఇది మొదటి కారణం. రెండోది, కొన్ని పోగులు కలిపి ఒక కట్టుగా కడతారు కాబట్టి గీత నున్నగా పోకుండా చిన్న మెట్లుగా పోతుంది. మూడోది అన్నిటికంటే పెద్దది: ఆసులో ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ, మగ్గం మీద ఒక పోగుకూ ఇంకో పోగుకూ బిగువు కాస్త తేడా వస్తుంది. నేసేవాళ్ళు పేక వేసిన ప్రతిసారీ అంచు దగ్గర పోగును అటో ఇటో లాగి బొమ్మకు సరిచేస్తారు. ఎంత సరిచేసినా వెంట్రుకవాసి తేడా ఉంటూనే ఉంటుంది. అలా పక్కపక్క పోగులు ముందుకూ వెనక్కూ జరిగితే అంచు ఈకలా కనిపిస్తుంది.

డబుల్ ఇక్కత్‌లో ఇంకొకటి కలుస్తుంది. మెరూన్ పడుగు మీద మెరూన్ పేక పడితే నిండు రంగు, తెలుపు మీద తెలుపు పడితే నిండు తెలుపు. అంచుల దగ్గర మాత్రం తెల్ల పడుగు మీద మెరూన్ పేకో, మెరూన్ పడుగు మీద తెల్ల పేకో పడుతుంది. దూరం నుంచి అది గులాబీ. భూతద్దం కింద గులాబీ అసలు ఉండదు. తెలుపు, మెరూన్ చుక్కలు ఒకదాని పక్కన ఒకటి చదరంగం గళ్ళలా కనిపిస్తాయి.

నేను తేల్చుకునే పద్ధతి దీన్నుంచే వచ్చింది. నేతలో పుట్టిన మసక ఎప్పుడూ పోగు వెంట పోతుంది. పేక మీద కట్టిన డిజైన్ అయితే అడ్డంగా, పడుగు మీద కట్టినదైతే నిలువుగా. డబుల్ ఇక్కత్‌లో గడికి ఎడమ కుడి అంచులు అడ్డంగా, పై కింది అంచులు నిలువుగా మసకేస్తాయి. పోగు దాటి పక్కకు పోదు. దిగిన రంగుకు ఈ మర్యాద తెలియదు. అది తడి ఎటు పోతే అటు పోతుంది. గడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టించుకోకుండా మబ్బులా పరుచుకుంటుంది, తడి ఆగిన చోట ముదురు గీతగా నిలుస్తుంది. భూతద్దం కింద చూస్తే పడుగూ పేకా రెండూ, గడి నడిమధ్యలో కూడా, గులాబీగా ఉంటాయి.

ఈ చీర ఒంట్లో ఎక్కడ చూసినా చదరంగమే. కొంగులో మాత్రం గడి మధ్యలో తెల్లగా ఉండాల్సిన పోగులు రెండు దిక్కులా గులాబీ. ఆవిడ భూతద్దంలో ఒకటికి రెండుసార్లు అక్కడా ఇక్కడా చూసుకుంది. తర్వాత కొంగు కొసన కుచ్చులు వేయకుండా వదిలిన చోట నుంచి ఒక్క పేక పోగు లాగి తెల్ల కాగితం మీద పెట్టాను. మెరూన్, చిన్న లేత భాగం, తర్వాత తెలుపు. ఆ తెలుపు కాస్త గులాబీ పూసినట్టుంది. "అంటే ఒంట్లో ఉన్నది తియ్యడానికి లేదా?" అంది. తియ్యడానికి అక్కడ ఏమీ లేదు, నేతే అది అని చెప్పాను. పని కొంగు వరకే అని ఇద్దరం ఒప్పుకున్నాక చీర తీసుకున్నాను.

ఈ ఒప్పందం ముందే ఎందుకంటే, ఒంట్లోని మసకను మరక అనుకుని దాన్ని తీయబోతే ఎంత ఉతికినా తృప్తి ఉండదు. ఇంకోసారి, ఇంకాస్త గట్టి మందు అంటూ అసలు రంగును తినేస్తాం.

మధ్యలో ఒక మాట. ఇక్కత్ బొమ్మను గుడ్డ మీద ప్రింట్ చేసి అమ్మేవి కూడా వస్తుంటాయి. వాటిలో మసకను కూడా ప్రింటే చేస్తారు. వెనక వైపు రంగు వెలిసినట్టుంటుంది, ప్రతి గడిలోనూ అదే మసక అచ్చంగా అదే చోట తిరిగి వస్తుంది. నూలు మీద కట్టినదానిలో రెండు గడులు ఒక్కలా ఉండవు, ముందూ వెనకా ఒకే నిండుదనం. ఈ చీర అసలైనదే.

ఏ రంగు, ఎందుకు దిగింది

నూలుకు ముందే రంగు వేశారు కాబట్టి రంగు గట్టిది అనుకోవడం చాలామందికి అలవాటు. రెండిటికీ సంబంధం లేదు. ఇదే మద్రాసు పేరుతో 1960లలో అమెరికాలో అమ్ముడైన గళ్ళ గుడ్డ కూడా నూలుకు రంగేసి నేసినదే. ఉతికిన ప్రతిసారీ రంగు దిగి గళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే దాని అందం అని అక్కడ అమ్మారు. తెలుపు తెల్లగా నిలబడాల్సిన డిజైన్‌లో ఆ అందం పనికిరాదు.

రంగు నిలవడం ఏ రకం రంగు వేశారు, వేశాక ఎంత బాగా కడిగారు అన్నదాని మీద ఉంటుంది. కాటన్‌కు ఇప్పుడు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికంగా బంధం వేసుకుంటాయి, బంధం వేసుకున్నది ఊడదు. కానీ తొట్టిలో వేసిన రంగులో కొంత నీళ్ళతోనే కలిసిపోయి, నూలుతో బంధం వేసుకునే శక్తి పోగొట్టుకుంటుంది. అది నూలు లోపల ఊరికే ఇరుక్కుని కూర్చుంటుంది. మరుగుతున్నంత వేడి నీళ్ళలో సబ్బు పెట్టి మళ్ళీ మళ్ళీ కడిగితే తప్ప పూర్తిగా పోదు. నీళ్ళూ కట్టెలూ మిగుల్చుకోవడానికి ఆ కడుగు తగ్గిస్తే, మిగిలిన రంగు కొన్నవాళ్ళ బకెట్‌లో దిగుతుంది.

ఇది ఆ రకమే అని నేను ఊహించాను. ఊహ మీద పని చేయకూడదు. కాటన్‌కు డైరెక్ట్ రంగులు కూడా వేస్తారు. వాటికి నూలుతో అసలు అలాంటి బంధం ఉండదు, వేడి నీళ్ళు పడితే అసలు రంగే వెళ్ళిపోతుంది. ఇరుక్కున్న రంగును తీయడానికి వేడి కావాలి, డైరెక్ట్ రంగుకు వేడి శత్రువు. ఒకదానికి మందు ఇంకోదానికి విషం. కాబట్టి ముందు పరీక్ష.

జాకెట్టు ముక్క నుంచి మెరూన్, నలుపు రెండూ ఉండేలా అగ్గిపెట్టె అంత ముక్కలు కత్తిరించాను. ఒక ముక్కకు అంతే ఉన్న ఉతికిన తెల్ల కాటన్ ముక్క కలిపి కుట్టి, స్టీలు గ్లాసులో 60 డిగ్రీల నీళ్ళలో, రెండు చుక్కల క్షారం లేని న్యూట్రల్ లిక్విడ్ సబ్బు వేసి, అరగంట కదుపుతూ ఉంచాను. తెల్ల ముక్క గులాబీ అయింది. దాన్ని విప్పేసి, అదే చీర ముక్కకు కొత్త తెల్ల ముక్క కుట్టి కొత్త నీళ్ళలో మళ్ళీ అదే పని. ఈసారి లేత గులాబీ. ఆ తర్వాతిది దాదాపు తెల్లగానే వచ్చింది. చివర్లో చీర ముక్కను తడపని ముక్క పక్కన పెట్టి పగటి వెలుగులో చూస్తే మెరూన్ తగ్గలేదు. నలుపు మొదటినుంచీ కదల్లేదు.

ఈ పరీక్షలో చూడాల్సింది మొదటిసారి ఎంత దిగింది అన్నది కాదు. ఒకదాని తర్వాత ఒకటిగా తగ్గుతోందా లేదా అన్నది. తగ్గుతూ పోయి, ముక్క రంగు అలాగే ఉంటే దిగేది అదనపు రంగు. ప్రతిసారీ అంతే దిగుతూ ముక్క వెలిసిపోతుంటే దిగేది అసలు రంగు, ఇక ఆ చీరకు వేడి నీళ్ళు చూపించకూడదు.

ఇంకో ముక్కతో ఇంట్లో జరిగింది మళ్ళీ చేసి చూశాను. రెండు గ్లాసుల చల్లటి నీళ్ళు, ఒకదానిలో మంచినీళ్ళు, ఒకదానిలో ఉప్పు కలిపినవి, రెండిటిలోనూ తెల్ల ముక్క కుట్టిన చీర ముక్కలు రాత్రంతా. పొద్దున మంచినీళ్ళ గ్లాసు గులాబీగా ఉంది. ఉప్పు గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి, తెల్ల ముక్క మాత్రం మొదటి గ్లాసులోదానికంటే ముదురుగా గులాబీ అయింది.

ఉప్పు రంగును పట్టి ఉంచుతుందన్న నమ్మకం ఈ తేట నీళ్ళ వల్లే పుట్టిందని నా అభిప్రాయం. రంగులద్దేవాళ్ళు కూడా తొట్టిలో ఉప్పు వేస్తారు, లీటరుకు గ్రాముల లెక్కన బాగానే వేస్తారు. అది నీళ్ళలో ఉన్న రంగును నూలు మీదికి తోయడానికి. ఇంట్లో బకెట్‌లోనూ ఉప్పు అదే పని చేస్తుంది. దిగిన రంగు నీళ్ళలో ఉండకుండా పక్కనున్న తెల్ల నూలు మీదికి పోతుంది. నీళ్ళు తేటగా కనిపిస్తాయి కాబట్టి రంగు దిగలేదనుకుంటాం. ఒకే రంగు చీరలో ఈ సంగతి బయటపడదు. తెలుపున్న ఇక్కత్‌లో పడుతుంది. దానికి తోడు ఆ ఇంటి బోరు నీళ్ళలోనే ఉప్పుంది.

వెనిగర్ పనిచేయకపోవడానికి కారణం వేరు. అది పట్టు మీద, ఉన్ని మీద వేసే యాసిడ్ రంగులకు పనికొచ్చే వస్తువు. కాటన్ మీది ఈ రంగుకు అది ఏమీ చేయదు. డ్రై క్లీనింగ్ ద్రావకం నూనె మరకలను కరిగిస్తుంది, నీళ్ళలో కరిగే రంగును ముట్టుకోదు.

చేసి చూసినవి, పని చేయనివి

తక్కువ ప్రమాదం ఉన్నదానితో మొదలుపెట్టడం నా పద్ధతి. పరీక్ష వేడికి ఒప్పుకున్నా, ఆరు గజాల చీర అగ్గిపెట్టె ముక్కలా ప్రవర్తిస్తుందన్న హామీ లేదు. అందుకే ముందు మామూలు నీళ్ళలో, న్యూట్రల్ లిక్విడ్‌తో, విశాలమైన టబ్‌లో కదుపుతూ ఉతికాను. నీళ్ళు కొంచెం గులాబీ అయ్యాయి, లాండ్రీ ద్రావకం వాసన పోయింది, గంజి వదిలింది. కొంగులో తెలుపు మాత్రం కదల్లేదు. 40 డిగ్రీలకు పెంచితే కొంచెం మెరుగు, అంతే. నూలు లోపలికి పోయి కూర్చున్న రంగు చల్లటి నీళ్ళకు బయటికి రాదు, అందుకే అద్దకం యూనిట్‌లలో కూడా చివరి కడుగు వేడిగా చేస్తారు.

గంజి వదిలాక గడుల అంచులు ఇంకాస్త మెత్తగా కనిపించాయి. గంజి పోగులను బిగించి పట్టి ఉంచుతుంది. అది పోయాక పోగులు కొద్దిగా సర్దుకుంటాయి. ఇది ముందే చెప్పి ఉంచడం మంచిది, లేకపోతే "మీ ఉతుకుతో ఇంకా పాకింది" అంటారు. ఈ ఇంటివాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను.

కొంగు ఒక్కదాన్నే తడిపి పని ముగించే ఆలోచనను పక్కన పెట్టాను. లాండ్రీలో పడ్డ ఉంగరం గీతే దానికి సాక్ష్యం. గుడ్డలో ఒకచోట తడిపితే తడి చుట్టూ పొడిగా ఉన్న వైపు పాకుతుంది, కరిగిన రంగును వెంట తీసుకెళ్ళి, ఆవిరయ్యే అంచున వదిలేస్తుంది. కదిలే రంగున్న చీరను తడిపితే మొత్తం తడపాలి.

బ్లీచ్ గురించి కూడా చెప్పాలి. ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్ గులాబీని తీస్తుంది, పక్కనున్న మెరూన్‌ను కూడా తీస్తుంది. అద్దకంవాళ్ళు వాడే హైడ్రోస్ కూడా చాలా మెరూన్లను చంపుతుంది. తెల్ల గడికీ మెరూన్‌కీ మధ్య వెంట్రుకవాసి దూరం లేని చీరలో బ్రష్‌తో అద్దడం కుదిరే పని కాదు. ఈ రెండిటినీ ముట్టుకోలేదు.

పని చేసినది

చీర తూకం అర కిలో పైచిలుకు. దానికి కనీసం 30 లీటర్ల నీళ్ళు పెట్టుకున్నాను. ఇంతెందుకంటే, దిగిన రంగు నీళ్ళలో ఎంత పలచగా ఉంటే తిరిగి తెలుపు మీద కూర్చునే అవకాశం అంత తక్కువ. బోరు నీళ్ళు కాకుండా ఫిల్టర్ చేసిన మెత్తటి నీళ్ళు వాడాను. బోరు నీళ్ళలోని ఉప్పు గురించి పైన చెప్పాను, సున్నం ఎక్కువుంటే సబ్బు కూడా సరిగా పనిచేయదు.

నీళ్ళు 60 డిగ్రీలకు తెచ్చి, థర్మామీటర్ పెట్టి చూసి, న్యూట్రల్ లిక్విడ్ వేసి కలిపాక చీరను మడత లేకుండా కుచ్చుగా వదిలి ఒకేసారి ముంచాను. సగం తడిసి సగం పొడిగా ఒక్క క్షణం ఉన్నా అక్కడ గీత పడుతుంది కాబట్టి, అంతకు ముందే చీరను మెత్తటి నీళ్ళలో పూర్తిగా తడిపి ఉంచాను. పదిహేను నిమిషాలు ఆపకుండా కదిపాను. రబ్బరు గ్లౌజులు, పొడుగు చెక్క కర్ర. నీళ్ళు గులాబీ అయ్యాయి. వేడి తగ్గకముందే చీర తీసేశాను. రంగునీళ్ళలో చీర చల్లారితే వచ్చిన రంగు వచ్చిన దారినే తిరిగి కూర్చుంటుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: వేడి నీళ్ళు పోసి, "నానుతుందిలే" అని వదిలేసి వేరే పనికి పోతారు.

తీసిన వెంటనే అంతే వేడి ఉన్న ఇంకో టబ్‌లో, సబ్బు లేకుండా జాడించాను. మళ్ళీ మొదటినుంచి. ప్రతి నీళ్ళలోనూ చిన్న తెల్ల పంచె ముక్క వేసి ఉంచాను, అది నాకు కొలబద్ద. నీళ్ళ రంగు కళ్ళను మోసం చేస్తుంది, పంచె ముక్క చేయదు. ముక్క తెల్లగా బయటికి వచ్చేదాకా కొత్త నీళ్ళు మారుస్తూ పోయాను. కొంగులో గులాబీ ఒక్కో నీళ్ళకూ కొంచెం కొంచెం తగ్గింది. మెరూన్ నిలబడింది, నలుపు నిలబడింది.

ఆరబెట్టడం సగం పని. పిండలేదు, మెలితిప్పలేదు. తెల్ల తువ్వాళ్ళ మధ్య చుట్టి ఒత్తి నీళ్ళు తీశాను. తర్వాత తీగ మీద మడతలుగా కాకుండా, వల మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, చీరలో ఒక పొర ఇంకో పొరకు తగలకుండా పొడుగ్గా, ఫ్యాను కింద, నీడలో. నాలుగు మడతల మీద ఆరేస్తే తడి కింది మడతకు దిగి అక్కడే ఆగుతుంది, ఆ ఇంట్లో పడ్డ ముదురు గీత అలా పడిందే. పూర్తిగా ఆరి, తెలుపు చూసుకున్నాకే ఇస్త్రీ.

కొంగులో గడుల మధ్య తెలుపు తిరిగొచ్చింది. భూతద్దం కింద ఇప్పుడు అక్కడా చదరంగమే. మడత గీత ఒకచోట పూర్తిగా పోలేదు, పగటి వెలుగులో వెతికితే లేత చారగా కనిపిస్తుంది. అక్కడ రంగు బాగా చేరి, పైగా లాండ్రీలో ఇస్త్రీ పెట్టె కూడా తగిలింది. ఇంకా లాగితే నూలు నలుగుతుంది తప్ప లాభం లేదనిపించి ఆపేశాను. చీర పొడుగు కాస్త తగ్గింది. అంతకు ముందు వేడి నీళ్ళు తగలని కాటన్‌ను వేడి నీళ్ళలో వేస్తే అది తప్పదు, పని మొదలుపెట్టే ముందే వాళ్ళకు చెప్పి ఒప్పించాను.

ఈ కేసు తర్వాత నేను అందరికీ చెప్తున్నది

కొత్త ఇక్కత్ కాటన్‌ను మొదటిసారి ఉతికేముందు, లోపలి మడత దగ్గర ముదురు రంగు మీద తడి తెల్ల గుడ్డ పెట్టి గట్టిగా ఒత్తి చూడమంటాను. అంటకపోతే మామూలుగా ఉతకొచ్చు. అంటితే చీరను ఒంటరిగా, బకెట్ నిండా నీళ్ళలో, కొంచెం లిక్విడ్‌తో, కదుపుతూ అయిదు నిమిషాల్లో ఉతికి తీసేసి, వెంటనే రెండు మూడు నీళ్ళు మార్చి జాడించాలి. నానబెట్టడం లేదు, ఉప్పు లేదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ ఒక్క చీరకు ఊరి పంపులో వచ్చే మెట్రో వాటర్ పట్టి ఉంచుకోవాలి. పైన చెప్పిన 60 డిగ్రీల పని రంగు ఇప్పటికే తెలుపు మీద కూర్చున్నప్పుడు మాత్రమే, అదీ ముక్క పరీక్ష అయ్యాకే. జాకెట్టు ముక్క వెంటనే కుట్టించేసినా, చిన్న ముక్క దాచుకోమంటాను. కుంకుడు కాయ రసం నూలుకు మంచిదే, కానీ తెల్ల గడులకు కొంచెం గోధుమ ఛాయ పట్టిస్తుంది, అందుకే తెలుపు ఎక్కువున్న చీరకు వద్దంటాను.

చీర తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆవిడ ఇంకొకటి కూడా తెచ్చింది. పోచంపల్లి పట్టు, పేక ఇక్కత్, జరీ అంచు, కొత్తది. "దీనికి కూడా ముందే ఆ వేడి నీళ్ళ కడుగు చేసేయండి సార్, తర్వాత బాధ ఉండదు" అంది. చేయలేదు. పట్టుకు వేసేది ఎక్కువగా యాసిడ్ రంగులు. అవి వేడికీ, మామూలు సబ్బు పౌడర్‌లోని క్షారానికీ త్వరగా కదులుతాయి. 60 డిగ్రీల నీళ్ళలో కదిపితే పట్టు మెరుపు పోతుంది, జరీ నల్లబడే అవకాశం ఉంది. వెనిగర్‌కు అసలు చోటు ఇక్కడే, అదీ దిగిన రంగంతా చల్లటి నీళ్ళతో వెళ్ళిపోయాక చివరి జాడింపులో మాత్రమే. ముందే వేస్తే కాటన్‌లో ఉప్పు చేసిన పనే పట్టులో వెనిగర్ చేస్తుంది, నీళ్ళలోని రంగును తెల్ల పట్టు మీదికి తోస్తుంది. ఆ చీర తడి గుడ్డ పరీక్షలో కొంచెం ఎరుపు వదిలింది. దాన్ని ఇంట్లో తడపవద్దని, చెమట పట్టినచోట నీడలో గాలికి ఆరనిచ్చి, అవసరమైనప్పుడు డ్రై క్లీన్‌కే ఇవ్వమని చెప్పి, ఎరుపు అంటిన ఆ తెల్ల గుడ్డ ముక్కను కూడా సంచిలో పెట్టి పంపాను. ఇచ్చే చోట అది చూపిస్తే వాళ్ళు కూడా తడి మరక మందు అద్దకుండా జాగ్రత్తపడతారు.